పొయ్యి పట్టుకునే మనిషి

మోకాళ్ళు మొరాయించిన ఏడాది నాకు కట్టెలకు పోవడం కష్టమైంది. వంకలో తుమ్మకంప కొట్టుకుని మోపు నెత్తికెత్తుకుంటే ఇల్లు చేరేలోపు రెండుసార్లు దించాల్సి వచ్చేది. దించినదాన్ని మళ్ళీ ఎత్తడానికి తోడు ఉండేది కాదు. ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున సంగటి చేసుకుంటే సాయంత్రానికీ అదే. ఆ ఒక్క వంటకే మట్టిపొయ్యి బోలెడు కట్టె తినేది.

ఆ రోజుల్లోనే అనంతపురం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కట్టె తక్కువ కాలే ఇనుప పొయ్యిలు ఊళ్ళో కొందరికి ఇచ్చి, నిజంగా ఎంత కట్టె మిగులుతుందో తూచి చూడటం ఆమె పని. నాకూ ఒకటి ఇచ్చి, మొదటిరోజు మా ఇంట్లోనే ఒకే గిన్నెలో ఐదు లీటర్ల నీళ్ళు మట్టిపొయ్యి, ఇనుప పొయ్యి, గ్యాస్ మూడింటి మీదా మరిగించింది. కట్టెలను ముందు తూచింది. నీళ్ళు మరగగానే మిగిలిన కట్టెలు లాగి ఆర్పి, బొగ్గులతో సహా మళ్ళీ తూచింది. గ్యాస్‌కైతే సిలిండర్‌నే కాటా మీద పెట్టింది.

అంకెలు రాసే పని నాకిచ్చింది. బడి అరుగు మీద అక్షరాలు నేర్చుకుని అప్పటికి రెండేళ్ళు. మట్టిపొయ్యికి ముప్పావు కిలో. ఇనుప పొయ్యికి అందులో సగం. గ్యాస్ అరవై గ్రాములు. ఆ చివరి అంకె రెండుసార్లు అడిగి రాశాను.

ఎదురింటామె గడపలో నిలబడి నవ్వింది. "ఏమక్కా, కట్టెల్ని బంగారం మాదిరి తూకమేస్తాండారు! నీళ్ళు కాగినాయా లేదా సూసుకుంటే సాలదా?"

"మట్టిపొయ్యిలో వేడి గోడలకూ గాలికీ పోతాదక్కా. పొగంటే ఏమనుకున్నావు? కాలకుండా పోయే కట్టెనే" అంది అమ్మాయి. తర్వాత నా వైపు తిరిగింది. "గ్యాస్ ఉండాది కదవ్వా, దాని మీదే చేసుకోరాదా?"

"టీకి సరే పాపా. సంగటి కెలికితే గిన్నె జారిపోతాది. అంతెత్తు మీద నిలబడి కెలికే సత్తువ నాకు యాడిది?"

అన్నం ఉడికే గిన్నెలో రాగిపిండి పోసి, కిందే కూర్చుని, రెండు చేతులతో సంగటికట్టె తిప్పాలి. నేలలో పాతుకున్న మట్టిపొయ్యి గిన్నెను కదలనిచ్చేది కాదు. ఇనుప పొయ్యి మాత్రం మూడు కాళ్ళ మీద గిన్నెతో పాటు ఆడేది. దాని మీద సంగటి కెలికిన మొదటి రోజే గిన్నె ఒరిగి, వేడి గంజి నా పాదం పక్కన ఒలికింది. నా కేక విని ఎదురింటామె పరుగెత్తుకొచ్చి, మసిగుడ్డలతో గిన్నె పట్టుకుంది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. "మొగుడు పట్టాల్సిన గిన్నె నేను పడతాండా, బిరీన కెలుకక్కా" అని నవ్వించేది. కెలకడం పది నిమిషాలు. ఆమె కూర్చునేది అరగంట. కోడలి మాటలు, బోరు ఎండిన మాటలు, సీరియల్లో ఎవరు ఎవరిని ఇంట్లోంచి గెంటారో అన్నీ చెప్పేది. కానీ ఆమెకూ ఇల్లు ఉంది, శెనగచేను ఉంది. ఒకరోజు నా పిలుపుకు పరుగున వచ్చేసరికి ఆమె పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నాకు సిగ్గేసింది.

శుక్రవారం పొయ్యి అలికే రోజు. ఎర్రమట్టి, పేడ కలిపి ఇనుప పొయ్యి చుట్టూ కింది నుంచి సగం దాకా మెత్తేశాను. కట్టె పెట్టే నోరు మాత్రం వదిలాను. ఆరాక చూస్తే బండలా నిలిచింది. ఎదురింటామెకు ఆ వారమంతా చేనుపనే, ఇటు రాలేదు. పొగకు కళ్ళు మండినా నేను పట్టించుకోలేదు. ఎవరినీ పిలవనక్కర లేదన్నదే నాకు ముఖ్యం.

అమ్మాయి మళ్ళీ వచ్చి నా సంగటికి కట్టె తూచింది. మొదట్లో తూచినప్పుడు మట్టిపొయ్యి మీద ఒక కిలో రెండువందలు కాలిన వంటకు ఇప్పుడు కిలోకు పైనే కాలింది. ఆమె పొయ్యి చుట్టూ తిరిగి తల పట్టుకుంది.

"అవ్వా! కింద బొక్కలు ఏమైనాయి?"

"మెత్తేసినా. పొయ్యిని అలకకుండా ఎట్లుంటారు?"

"గాలి పొయ్యేది వాటిలోనే! నువ్వు దాని ముక్కు మూసినావు."

ఇద్దరం కూర్చుని చాకుతో మట్టి గీకేశాం. మూడు కాళ్ళు మాత్రం నేలలోకి దిగ్గొట్టి, వాటి చుట్టూ రాళ్ళు పెట్టి మట్టితో బిగించాం. బొక్కలన్నీ తెరిచే ఉంచాం. మట్టి ఆరిన మర్నాడు తూస్తే ఆరువందల గ్రాములు. ఆ అంకె పుస్తకంలో నేనే రాశాను. నెలకు నాలుగు మోపులు అవసరమైన చోట ఇక రెండు చాలు. అమ్మాయి కాటా సంచిలో పెట్టుకుని, "ఇంక నాతో పని లేదవ్వా" అని బస్సుకు పోయింది.

మరుసటి పొద్దున సంగటి కెలుకుతుంటే, చేనుపని తీరిన ఎదురింటామె వచ్చి గడపలో నిలబడింది.

"పట్టుకోవాల్నా అక్కా?"

"వద్దులే. నిలబడింది."

ఆమె పొయ్యి వైపు చూసింది. అది కదలడం లేదు. "అయితే మంచిదే" అని ఇంకాసేపు నిలబడి, చేతిలోని మసిగుడ్డలను దులిపి మడుచుకుంది.

"కూర్చో" అనాలనుకున్నాను. కానీ గిన్నె పట్టమనడం కాకుండా ఇంకే మాట మీద మనిషిని కూర్చోబెట్టాలో తోచలేదు. చేతులు సంగటికట్టె తిప్పుతూనే ఉన్నాయి. తల ఎత్తేసరికి గడప ఖాళీగా ఉంది.