జగ్గులో మనిషి

గిన్నెల కంపెనీ నుంచి అచ్చు నమూనా తిరిగొచ్చింది. నిలువు పేజీ మధ్యలో స్టీలు జగ్గు నిగనిగలాడుతోంది. జగ్గు పొట్ట మీద ఎర్ర సిరాతో చిన్న సున్నా, పక్కన మేనేజరమ్మ చేతిరాత: “ఈవిడెవరు?”

ఈవిడ వదిన. ఫొటోగ్రాఫరుకి స్వయానా అన్న భార్య. కొరియర్ మనిషితో సహా ఆ స్టూడియోకి వచ్చేవాళ్లందరికీ కూడా వదినే. పెళ్లయిన కొత్తలో మరిదికి రెండు రోజులు సాయం చేద్దామని వచ్చింది. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు. గిన్నెల మీద వేలిముద్రలు తుడుస్తుంది, వెనక వేలాడే గుడ్డకి ఇస్త్రీ చేస్తుంది, వెలుగు సరిగ్గా పడేలా తెల్ల అట్ట పట్టుకుని కదలకుండా నిలబడుతుంది. ఫొటో తీశాక కంప్యూటర్‌లో దుమ్ము చుక్కలు తుడిచే పని కూడా ఆవిడదే. అందులో ఆవిడది తిరిగిన చెయ్యి. అయితే ఆ పనంతా వెబ్‌సైటుకి పంపే చిన్న కాపీల మీదే జరిగేది. అంత చిన్న కాపీలో జగ్గు మెరుపులో పడ్డ వదిన ప్రతిబింబం ఒక బూడిదరంగు మరక, ఎవరూ పట్టించుకోలేదు.

ఈసారి వచ్చింది అచ్చు పని. కంపెనీ మొదటి నుంచీ చేసిన సామానంతా ఒక పుస్తకంగా వేయిస్తోంది. ఆ జగ్గు తయారీ ఎప్పుడో ఆపేశారు, మళ్లీ ఫొటో తీద్దామంటే లోకంలో ఆ జగ్గు లేదు. పుస్తకం బాగా వస్తే ఇకమీదట అచ్చు పనులన్నీ ఈ స్టూడియోకే ఇస్తామన్నారు. లేకపోతే ఊళ్లో పెద్ద స్టూడియో ఉండనే ఉంది.

మరిది తొందరపడి ముందు వెబ్‌సైటు కాపీనే ప్రెస్సుకి పంపాడు. ప్రెస్సాయన ఫోను చేసి చీవాట్లు పెట్టాడు.

“అడ్డంగా వెయ్యి ఎనభై పిక్సెళ్లే ఉన్నాయేంటండీ ఇందులో? అచ్చుకి అంగుళానికి మూడు వందలు కావాలి. అంటే మీ ఫొటో మూడున్నర అంగుళాల బిళ్లకి సరిపోద్ది. పేజీకి సాగదీస్తే జావ కారిపోద్ది. అసలుది పంపండి, అంచులు కోసుకోడానికి చుట్టూ మూడేసి మిల్లీమీటర్లు ఎక్కువుంచి మరీ పంపండి.”

అసలు ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉన్నాయి. అడ్డం ఆరు వేలు, నిలువు నాలుగు వేల పిక్సెళ్లు. మరిది ఎప్పుడూ చుట్టూ బోలెడు ఖాళీ వదిలి తీస్తాడు. “జగ్గు ఇంత, ఖాళీ అంత. నీకేమైనా పిచ్చా?” అని వదిన మొదట్లో వేళాకోళం చేసేది. ఆ ఖాళీ ఉంటేనే ఒక్క ఫొటోలోంచి పక్కలు కోసి పుస్తకానికి నిలువు పేజీ, పైనా కిందా కోసి వెబ్‌సైటు నెత్తిన పొడుగాటి బ్యానరు, ఇంకా సన్నంగా కోసి ఫోనులో ఒక్క రోజుండి పోయే నిలువు స్టోరీ తీయొచ్చని తర్వాత తెలిసింది. స్టోరీలో పైనా కిందా కంపెనీ పేరూ బొత్తాలూ వచ్చి కూర్చుంటాయి కాబట్టి జగ్గు వాటికి తగలకూడదు. జగ్గుని ఇంకా పెద్దది చేసి కోస్తే పేజీకి పిక్సెళ్లు చాలవు. అందుకే అన్నీ కొలుచుకుని నడిమధ్యన నిలబెట్టేవాడు.

అలా అసలుది పంపితే, వేలిగోరంత వదిన అట్టతో సహా అచ్చయి వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని, మెడ ఒక పక్కకి వాల్చి ఉంది.

“అయ్యో, ఇంత గూనిగా నిలబడతానా నేను?” అని నవ్వి, తుడిచేద్దామని కుర్చీ లాక్కుంది. అసలు ఫైలుకి కాపీ తీసి, ఒక పిక్సెల్ ఒక పిక్సెల్‌లాగే కనబడేంత దగ్గరికి తెచ్చింది. తన భుజం వెనకాల స్టూడియో తలుపు వెలుగుగా ఉంది. ఆ వెలుగులో, తలుపు చట్రానికి చెయ్యి ఆనించుకుని ఒక మనిషి.

వదిన మౌస్ మీది చెయ్యి తీసేసింది.

“ఏవయ్యా, ఇటురా ఒకసారి.”

మరిది వచ్చి చూశాడు. తెర దగ్గరికి వంగాడు. “అన్నయ్యే,” అన్నాడు చివరికి.

బస్సు డ్రైవరు ఆయన. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆవిడ కోసం ఇటు వచ్చేవాడు. బూట్లు విప్పడానికి బద్ధకం, అందుకని గడప దాటేవాడు కాదు. “అయిందా?” అని ఒక్క మాట వినిపించేది. అప్పుడే వచ్చాడనుకునేది వదిన. ఆయన పోయి మూడేళ్లయింది. ఇంట్లో ఆయన ఫొటోలు లేకపోలేదు. లైసెన్సుకి తీయించుకున్నది ఒకటి, పెళ్లిళ్లలో బిగుసుకుపోయి నిలబడ్డవి నాలుగైదు.

ఆ రోజు జగ్గుకి తీసిన మిగతా ఫైళ్లు కూడా తెరిచారు. మొదటిదాంట్లో తలుపు ఖాళీ. రెండోదాంట్లో ఆయన ఉన్నాడు. ఆ తర్వాత అన్నింటిలోనూ ఉన్నాడు. అట్ట అటు మారింది, ఇటు మారింది, దీపం జరిగింది, ఆయన మాత్రం చెయ్యి అలాగే ఆనించుకుని నిలబడే ఉన్నాడు. మొహం సరిగ్గా తెలియడం లేదు గానీ తల తిరిగి ఉన్నది ఆవిడ వైపే.

“అంతసేపు ఉండేవాడా?” అంది వదిన. “ఒక్కసారి కూడా చెప్పలేదే, చూడు! ఎన్నిసార్లు విసుక్కున్నానో, వచ్చీ రాగానే తొందరపెడతావని.”

ఆవిడకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కొంగుతో తుడుచుకుంది. మరిది ఎటో చూస్తూ నిలబడ్డాడు.

“వేరే వస్తువు పెట్టుకోమని చెప్తాను వదినా. పోతే పోనీ ఆ ఒక్క పేజీ.”

“ఎందుకు పోవాలి? వాళ్లది వాళ్లకి శుభ్రంగా ఇవ్వాలి. రేపు ఆ మేనేజరమ్మ ఇంకో సున్నా చుట్టి ‘ఈయనెవరు’ అని రాస్తే ఏం చెప్తావు? తుడువు.”

“నా వల్ల కాదు.”

“సరే, జరుగు అయితే.”

ముందు తనని తాను తుడిచేసుకుంది. పక్కనున్న స్టీలు మెరుపుని కొంచెం కొంచెం తెచ్చి అద్దితే అట్టా, కొంగూ, గూనీ పోయాయి. అది సులువుగానే అయింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్లింది. చట్రం మీది చేతిని చివరిదాకా ఉంచి, మిగతా మనిషిని తుడిచింది. ఆఖరున చేతిని కూడా తుడిచేసింది. తలుపు ఉత్త వెలుగు చారగా మిగిలింది.

మరిది ఆ శుభ్రమైన కాపీలోంచే పేజీ కోశాడు, బ్యానరు కోశాడు. స్టోరీకి నిలువుగా గీత పెడుతుంటే వదిన ఆపింది.

“దానికి అసలుదే తియ్. నన్ను తుడిచేస్తాను గానీ, ఆయన్ని ఉంచు.”

“అంత చిన్నదాంట్లో అన్నయ్య కనబడడు కదా వదినా. ఆవగింజంత కూడా ఉండడు.”

“అందుకే ఉంచమంటున్నా.”

మరిది అసలు ఫైలుకి ఇంకో కాపీ తీసి ఆవిడ ముందు పెట్టాడు, ఆవిడ తన పని చేసుకుంది.

మేనేజరమ్మ మూడూ చూసి, జగ్గు కడిగినట్టుందని మెచ్చుకుంది. మిగతా పేజీలు కూడా పంపమంది.

కంపెనీ స్టోరీ పెట్టిన రోజు వదిన బస్సులో ఇంటికి వెళ్తూ ఫోను తీసింది. ఎవరివో చెప్పులు, ఎవరివో కుర్చీలు వచ్చి పోయాక జగ్గు వచ్చింది. కాసేపట్లో అదీ జారిపోతుంది, రేపటికి అసలుండదు. తెర మీద బొటనవేలు గట్టిగా నొక్కి పట్టుకుంది. వేలు తీయనంతసేపు అది కదలదు. ఎంత కళ్లు చిట్లించినా ఆవిడకి కూడా ఆయన కనబడలేదు. దిగాల్సిన స్టాపు వచ్చింది, బస్సు ఆగింది, మళ్లీ బయల్దేరింది. వదిన వేలు తీయలేదు.