మూడక్షరాల పొడి

పోలీసు యాక్షన్ నాటికి మా ఇంట్లో మిగిలింది అమ్మా, నేనూ. ఊళ్ళో మా గడీ, దొరతనం పోయాక సికింద్రాబాదులో రెండు గదుల వాటాలోకి వచ్చాం. ఊళ్ళో ఉన్నప్పుడు మందు ఇంటికే వచ్చేది. కంపౌండరు అరుగు కింద నిలబడి ఏ పూటకు ఎంతో చెప్పి వెళ్ళేవాడు. పట్నంలో ఆ పని మా పనిమనిషి చేసేది. దవాఖానా కిటికీ దగ్గర నిలబడి, కంపౌండరు చెప్పింది జ్ఞాపకం పెట్టుకుని వచ్చేది. గొడవలకు భయపడి ఆమె తన ఊరికి వెళ్ళిపోయింది.

అమ్మకు కడుపులో నొప్పి ఆగి ఆగి వచ్చేది. ఆ వారం మరీ ఎక్కువైతే డాక్టరు గారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన చీటీ రాసి, బొల్లారంలో ఉన్న తన వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ చీటీ పట్టుకుని మొదటిసారి నేను కిటికీ ముందు నిలబడ్డాను. కర్ఫ్యూ వేళ దగ్గర పడుతోంది. వెనక జనం తోసుకుంటున్నారు.

కంపౌండరు ఒక సీసా, ఒక పొట్లాల కట్ట ఇచ్చాడు. వాటి మీద చీటీలోని అక్షరాలే దించి ఉన్నాయి. సీసా మీద బి.డి. పొట్లాల మీద ఎస్.ఓ.ఎస్.

"దొరా, పొడి ఎప్పుడెయ్యాల్నో ఎరికేనా? జెర ఆగుండ్రి, చెప్తా."

"ఎరికేలే. ఇంగ్లీషు సదివినోణ్ణి."

"సదివినోల్లయితే జరుగుండ్రి మరి," అన్నారెవరో వెనక నుంచి. "మేము సదవనోల్లం. మాకు చెప్పించుకునే పనున్నది."

అందరూ నవ్వారు. నేను తల తిప్పకుండా వచ్చేశాను.

ఇంటికి వచ్చాక చీటీ ముందు పెట్టుకుని ఆలోచించాను. అంతకు ముందు దగ్గు మందు మీద టి.డి.ఎస్. అని ఉంటే మూడు పూటలు తాగించాం. ఒకసారి బి.డి. అని ఉంటే రెండు పూటలు. రెండక్షరాలకు రెండు, మూడక్షరాలకు మూడు. నాకు ఇంకే అనుమానమూ రాలేదు.

మర్నాడు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పొట్లం విప్పి తేనెలో కలిపాను. రెండోసారికే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు నొప్పేం లేదు బిడ్డా. ఎందుకిది?"

"కాయితంల రాసున్నదమ్మా."

కాయితంలో ఉంది కదా అని మింగింది. మూడో రోజు పొద్దున నాలుగోది వేశాను. పదకొండింటికి పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపితే కళ్ళు సగం తెరిచి మూసుకుంది.

పక్క వీధిలో మిషన్ ఆసుపత్రిలో పని చేసి మానుకున్న నర్సమ్మ ఒకామె ఉండేది, బందరు వైపు మనిషి. ఏనాడూ ఆమె గడప తొక్కని వాణ్ణి, పరుగెత్తాను. ఆమె వచ్చి అమ్మ కనురెప్ప ఎత్తి చూసింది. కనుపాప ఆవగింజంత అయింది. రొమ్ము మీద చెయ్యి వేసి గడియారం చూసుకుంటూ ఊపిరి లెక్క పెట్టింది.

"ఎన్ని వేశావు బాబూ?"

"నాలుగు. మూడక్షరాలు కదా అని మూడు పూటలా..."

"అక్షరాలు లెక్కపెట్టి మందు వేస్తారటయ్యా! అవి లాటిన్ మాటలు. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, అది నిజమే. కానీ హెచ్.ఎస్. కూడా రెండక్షరాలే, అది పడుకునేటప్పుడు ఒక్కసారి. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. నొప్పి వస్తేనే వెయ్యాలి. ఇందులో నల్లమందు ఉంది బాబూ. నొప్పి ఉందా అని ఆవిడనే అడగవలసింది."

అమ్మ నేను అడగకుండానే చెప్పింది.

డాక్టరు కోసం బయలుదేరితే, ఆ రోజు పగలూ కర్ఫ్యూ పెట్టారట, వీధి మలుపులో సిపాయి తుపాకీ అడ్డం పెట్టి వెనక్కి పంపాడు. చేతిలోని చీటీ చూపించాను. అతనికి తెలుగు రాదు, నాకు అతని మాట రాదు. సందుల్లోంచి దవాఖానాకు వెళితే తలుపులకు తాళం వేసి ఉంది. తిరిగి వచ్చేసరికి నర్సమ్మ అమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది.

"మన చేతిలో ఉన్నది ఒక్కటే. నిద్రలోకి జారనివ్వకు. పిలుస్తూ ఉండు. ఊపిరి మరీ మందగిస్తే నన్ను పిలువు, నేనిక్కడే ఉంటా."

పిలిచాను. గొంతు తగ్గించి పిలిస్తే లాభం లేదని, వాటాల వాళ్ళందరూ వాకిట్లోకి వచ్చి చూస్తుండగా కేకలు పెట్టి పిలిచాను. అమ్మ ఒకసారి 'ఊఁ' అనేది, మళ్ళీ జారిపోయేది. రెండు ఊపిరుల మధ్య ఎంతసేపు ఎదురుచూశానో చెప్పడానికి ఇప్పటికీ నా దగ్గర మాటలు లేవు. చెయ్యగలిగిందేమీ లేదు. చెయ్యవలసింది ఆ కిటికీ దగ్గర అర నిమిషం ఆగడం.

పొద్దు వాలే వేళకు అమ్మ కళ్ళు తెరిచి నిలిపింది. నర్సమ్మ నాడి చూసి, "ప్రభువు దయ," అని కూలబడింది. నేను గ్లాసులో నీళ్ళు పట్టుకుని దగ్గరికి వంగాను. అది మందు వేళ అనుకుంది కాబోలు, ఏమీ అడగకుండా అమ్మ నోరు తెరిచింది.