పాత పెద్ద, పెద్ద పాత

గూడూరులో రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురు వరుసలో మూడో గది కామాక్షిది. దస్తావేజులు రాస్తుంది, టైపు చేస్తుంది, జిరాక్సు తీస్తుంది. బోర్డు రాసిన పెయింటరు 'రాయబడును'లో దీర్ఘం మింగేస్తే అతన్ని నిచ్చెన దిగనీయకుండా దిద్దించిన మనిషి. బజారులో అందరూ ఆమెని పంతులమ్మ అంటారు. నిజానికి ఆ ఉద్యోగం ఆమెకి రానేలేదు. తెలుగు బీఏ చదివి, బీఎడ్ చేసి, రెండుసార్లు పరీక్ష రాసి మూడేసి మార్కుల్లో పోగొట్టుకుంది. మేనమామ దస్తావేజుల గదిలో కొన్నాళ్ళు కూర్చుందామని వచ్చింది. ఆ కొన్నాళ్ళకి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు.

బడిలో పిల్లల మీద చూపించాల్సిన ప్రతాపమంతా ఆ గదిలోకి వచ్చే పార్టీల మీద చూపించేది. పాపం, వాళ్ళు పొలం రాయించుకోవడానికి వస్తే, ఆమె వాళ్ళ తెలుగు సరిచేసి పంపేది. ఒకసారి ఎవరో అన్నదమ్ములు పంపకాల జాబితాలో 'చెక్క పాత పెద్ద బల్ల ఒకటి' అని రాసుకొచ్చారు. కామాక్షికి ఒళ్ళు జలదరించింది.

"ఇట్టా ఎవరన్నా అంటారా అయ్యా? పెద్ద పాత చెక్క బల్ల అంటారు గానీ!"

"ఎందుకంటారు?" అన్నాడు వాళ్ళలో చిన్నవాడు, తెలియకే.

ఆ ప్రశ్న కోసమే ఆమె పుట్టిందేమో అన్నట్టు చెప్పింది. బల్ల చెక్కదన్నది ఎవరు చూసినా మారదు, అందుకని ఆ మాట బల్లని అంటిపెట్టుకుని ఉంటుంది. రంగు చెబితే దానికి ముందు. పాతదా కొత్తదా అన్నది ఇంకా ముందు. పెద్దదా అన్నది పక్కన ఏ బల్ల ఉందో దాన్నిబట్టి ఉంటుంది కాబట్టి మరీ ముందు. మంచి బల్ల అన్నది చూసేవాడి ఇష్టం, కనక అది అన్నిటికన్నా ముందు. మాట్లాడేటప్పుడు ఏ పసివాడూ ఇందులో తప్పడని, కాగితం ముందు కూర్చుంటేనే అందరికీ బుర్ర తిరుగుతుందని కూడా చెప్పింది. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే తెలుగులో 'చెక్క' బిగుసుకున్నట్టు 'పాత', 'పెద్ద' బిగుసుకోవు. అవి ఎటైనా తిరుగుతాయి. అది ఆమెకూ తెలుసు. తెలిసినా, పెద్ద ముందుంటేనే ఆమె చెవికి ఇంపు.

ఆ ఇంపే ఆమె కొంప ముంచింది.

రెండేళ్ళ కిందట చిల్లకూరు అవతల సముద్రపొడ్డు పాళెం నించి పోలేరయ్య అనే ముసలాయన వచ్చాడు. చేపల వేట మానేసిన మనిషి, వీలునామా రాయించాలన్నాడు. ఇద్దరు పిల్లలు. కొడుకు మధుబాబు, కూతురు రోజా. రోజా పెనిమిటి ముఖేష్ ఒకరి పడవ మీద కూలికి పోతాడు. కూతురికి ఒక పడవ ఇస్తే వాళ్ళు ఒకరి కింద ఉండే బాధ తప్పుతుందని ఆయన ఆశ.

"నా పాత పెద్ద పడవ రోజాకి. మిగతాయన్నీ మధుబాబుకి. అట్టా రాయి తల్లీ."

కామాక్షి నోట్‌బుక్కులో రాసుకుంది. రాసుకున్నాక చదువుకుని, మొహం కొంచెం చిట్లించి, రెండు మాటల్నీ అటూ ఇటూ మారుస్తూ ఎర్ర పెన్నుతో గీత గీసింది.

"పెద్ద పాత పడవ అందాం తాతా. వినడానికి బాగుంటది."

పోలేరయ్య ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పుకున్నాడు. "రెండూ ఒకటేనా?"

"ఒకటే."

"చదువుకున్నదానివి, నీకు తెలవదా," అని, టైపు చేసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. లోపల రిజిస్ట్రారు చదివి వినిపించి సరేనా అంటే, సరేనని తలూపాడు.

ఈమధ్య ఆయన చనిపోయిన నెలకి మధుబాబు వచ్చాడు. చెల్లెలు తగువు పెడుతోందట, ఊరి పెద్దలు కూర్చుంటారట. వీలునామాలో ఉన్నది నాయన నోటి మాటేనా అని అడుగుతూ ఫోను బల్ల మీద పెట్టాడు.

తన రాతని ఎవరైనా అనుమానిస్తే కామాక్షికి ఎక్కడలేని రోషం. "ఆయన చెప్పిందే రాసినాను. ఒక్క అక్షరం చేర్చలా, ఒక్క అక్షరం తీయలా," అంది ఫోనులోకి వంగి మరీ. ఎర్ర గీత గుర్తు రాలేదా అంటే, వచ్చింది. దాన్నొక మార్పుగా ఆమె అనుకోలేదు, అంతే. మధుబాబు రికార్డు ఆపి, పెద్దలు రమ్మన్నారు, ఆదివారం ఆటో పంపిస్తానన్నాడు.

ఆదివారం పాళెంలో పడవల పక్కనే, వలలు బాగుచేసుకునే పాక కింద అందరూ కూర్చున్నారు. కామాక్షికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కుర్చీకి వెనక మధుబాబు మనుషులు, ముందు రోజా, ఆమె తల్లి ముసలమ్మ. నోట్‌బుక్కు సంచిలో ఉంది. ఎవరైనా అడిగితే తీసి చూపించి మెప్పు పొందుదామనే తెచ్చింది, పిచ్చిమనిషి.

ఊరి పెద్ద చేయెత్తి ఇసుక మీద ఉన్న పడవలు చూపించాడు. "మీకు తెలియాల గదమ్మా, మా పాళెంలో పాత పడవ అంటే చెక్క పడవ. ఫైబరు రాకముందుది. నిన్న చేసినా అది పాత పడవే. పెద్ద పడవ అంటే లోపల ఇంజను ఉండే ఫైబరు పడవ. పోలేరయ్యకి పెద్ద పడవలు రెండు, పాత పడవలు రెండు."

కామాక్షి చూసింది. నీళ్ళ అంచున రెండు ఫైబరు పడవలు. ఒకటి మూడేళ్ళ కిందట కొన్నది, ఒకటి ఎనిమిదేళ్ళది, నీలం రంగుది. రెండూ వేటకి పోతున్నాయి. పైన ఇసుకలో రెండు చెక్క పడవలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పెద్దదాని అడుగు చివికిపోయి, కోళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి.

"పెద్ద పాత పడవ అని రాసుంది," అన్నాడు ఊరి పెద్ద. "పాత పడవల్లో పెద్దది. అదిగో, ఆ కోళ్ళు తిరిగేది. రోజాకి అది వస్తది."

"మా నాయన పాత పెద్ద పడవ అన్నాడు!" రోజా లేచి నిలబడి అరిచింది. "పెద్ద పడవల్లో పాతది. ఆ నీలంది. చచ్చేదాకా అదే మాట అన్నాడు. నాకు కట్టెలు రాసిచ్చిపోతాడా?"

పంతొమ్మిదేళ్ళు ఎవరెవరికో చెప్పిన పాఠంలో సగం తనకే తెలియదని కామాక్షికి అప్పుడు తెలిసింది. వస్తువుని అంటుకుని ఉండే మాట దాని జాతిని చెబుతుంది. ముందుండే మాట ఆ జాతిలో ఏదో ఏరి చూపిస్తుంది. పాత పెద్ద పడవ ఒకటి, పెద్ద పాత పడవ ఇంకొకటి. ఆమె మాటలు మార్చలేదు, పడవనే మార్చేసింది.

ముసలమ్మ కామాక్షి వైపే చూస్తూ మెల్లగా అడిగింది. "మీ ఇంట్లో పెద్ద చిన్నమ్మా, చిన్న పెద్దమ్మా ఒకరేనా తల్లీ?"

ఒకరు కాదు. అమ్మకి చెల్లెళ్ళు ఇద్దరుంటే వాళ్ళలో పెద్దది పెద్ద చిన్నమ్మ, అక్కలు ఇద్దరుంటే వాళ్ళలో చిన్నది చిన్న పెద్దమ్మ. కామాక్షికి ఇద్దరూ ఉన్నారు. ఒకరిది నాయుడుపేట, ఒకరిది నెల్లూరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ఒకరిని పిలవబోయి ఇంకొకరిని పిలిచిన పాపాన పోలేదు.

లేచి వెళ్ళిపోదామనిపించింది. ఆటో మధుబాబుది. పైగా ఎటు చూసినా మనుషులే. నిజం చెబితే గూడూరులో తన రాత ముట్టేవాడుండడు. చెప్పకపోతే ఈ పిల్ల బతుకు ఆ కోళ్ళగూడు. మంచినీళ్ళు అడిగి తాగి, సంచిలోంచి నోట్‌బుక్కు తీసింది.

"తాత పాత పెద్ద పడవ అనే అన్నాడు. నేనే తిప్పినాను," అంది. ఎర్ర గీత చూపించింది.

పాక కింద గుసగుసలు లేచాయి. రోజా రెండు చేతులూ జోడించింది. ఆ ఒక్క క్షణం కామాక్షికి గాలి ఆడింది.

మధుబాబు కోప్పడలేదు. ఫోను తీసి, ఆ రోజు రికార్డు చేసింది గట్టిగా వినిపించాడు. ఆయన చెప్పిందే రాసినాను, ఒక్క అక్షరం చేర్చలా, ఒక్క అక్షరం తీయలా. ఆ గొంతులో ఎంత ధీమా ఉందో పాళెమంతా వింది.

"పోయిన వారం ఒకటి, ఈ వారం ఒకటి," అన్నాడు మధుబాబు. "ఆ ఎర్ర గీత ఎప్పుడు గీసిందో ఎవరికి తెలుసు? చెల్లెలు నిన్న పోయి కలిసిందేమో."

"నేనా? నేనీమె మొహం చూడటం ఇదే మొదలు!" అంది రోజా.

పెద్దలు చాలాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. చివరికి ఊరి పెద్ద కామాక్షి వైపు తిరిగి, కసురుకోకుండానే అన్నాడు. "అమ్మా, నువ్వు ఇప్పుడు చెప్పేదే నిజమేమో. మాకూ అట్టనే అనిపిస్తాంది. అయితే రెండు నాలుకల మాట మీద మేం పడవ ఇప్పించలేం. వేలిముద్ర ఉండేది కాగితం మీద. కాగితం ఏమంటే అదే."

అలా తేలిపోయింది. ముఖేష్ అక్కడే ఒక పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లారితే మళ్ళీ ఒకరి పడవ మీదే పోవాలి.

కామాక్షి మధుబాబు ఆటో ఎక్కనంది. బస్సు దొరికే రోడ్డు దాకా ఇసుకలో నడవాలి. దారి చూపించడానికి రోజాయే వెంట వచ్చింది. తిట్టినా, కొట్టినా కామాక్షికి తేలికగా ఉండేది. రోజా మెత్తటి ఇసుక వచ్చినచోట చెయ్యందిస్తూ ముందు నడిచింది. రోడ్డు దగ్గరకి వచ్చాక ఆగింది.

"ఒకటి అడుగుతా, చెప్తావా అక్కా? పెద్ద పాత పడవ అనేది సరైన తెలుగేనా?"

"సరైనదే."

"మా నాయన అన్న పాత పెద్ద పడవ?"

కామాక్షి తల దించుకుంది. "అదీ సరైనదే రోజా."

"మరి నువ్వు దిద్దిందేందక్కా?"