ఒక్కరైనా సరే

మా తెలుగువాళ్లెక్కువుండే దాజీ పేట్‌లో, తువ్వాళ్ల కార్ఖానాలో అంచులు కుట్టేటప్పుడు సూపర్‌వైజరు నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని ఆఫీసుకెళ్లాను. గోడకు అంటించిన తెలుగు నియమాల కాగితం మీద మేనేజరు వేలు పెట్టాడు.

"ఏంది, నువ్వొక్కదానివేనా? ఇండ్ల 'వేధింపు జరిగితే వారు ఫిర్యాదు చేయాలి' అని రాసుంది. వారు అంటే నలుగురు. ఇంకో ముగ్గురిని తోల్కరా, చూద్దాం."

ఎవరూ రాలేదు. వారం తిరక్కుండా నన్నే పనిలోంచి తీసేశారు. ఆ 'వారు' అనే మాటను నేను మరిచిపోలేదు.

తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని అనువాదాలు చేయడం మొదలుపెట్టాను. పోయినేడు అదే కార్ఖానాకు కొత్తగా వచ్చిన హెచ్ఆర్ ఆఫీసరమ్మ నియమాలన్నీ మళ్లీ తెలుగులోకి మార్చమని పిలిచింది. ఆ మేనేజరు ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు.

ఇంగ్లీషు కాగితం చూస్తే నాకు అప్పుడు అర్థమైంది. ఉద్యోగి ఆడో మగో చెప్పకుండా ఉండటానికి ఒక్క మనిషినే 'దే' (they) అన్నారు; ఇంగ్లీషులో అది ఒక్కరికీ వాడతారు, పదిమందికీ వాడతారు. పాత అనువాదకుడు దాన్ని 'వారు' చేసి ఊరుకున్నాడు. ఫిర్యాదు చేసినవారూ వారే, నింద పడ్డవారూ వారే, విచారించేవారూ వారే. ఎవరెవరో తేలదు.

"వారు అనే ఉంచున్రి అక్కా, మర్యాదగ ఉంటది," అంది ఆఫీసరమ్మ.

"ఆ మర్యాదే నన్ను బయటికి నూకింది," అన్నాను.

నిజం చెప్పాలంటే, నింద పడ్డ మనిషి దగ్గర 'అతడు' అని రాయాలని చేతులు తహతహలాడాయి. చదివిన ప్రతివాళ్లకూ ఆ సూపర్‌వైజరే కనబడాలి. రాశాను కూడా. కానీ మగ్గం దగ్గర ఒక కుర్రాడిని ఏడిపిస్తున్న ఆడ మేస్త్రీ సంగతి విని, కొట్టేశాను. 'అతడు' ఉంటే ఆమె తప్పించుకుంటుంది. నా పగ తీరాలంటే ఒక్క సందు కూడా మిగలకూడదు.

చివరికిలా రాశాను: "ఏ ఉద్యోగి అయినా, ఒక్కరైనా సరే, తనకు వేధింపు జరిగిందని అనుకుంటే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని అందుకోసం పనిలోంచి తీసేయకూడదు." 'తనకు' అంటే ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా సరిపోతుంది. 'చేయవచ్చు'లో లింగం లేదు. మిగతా చోట్ల 'వారు' తీసేసి ఎవరి సంగతో వాళ్ల పేరుతోనే రాశాను: ఫిర్యాదు చేసిన ఉద్యోగి, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, కమిటీ సభ్యులు.

మేనేజరు కాగితం చూసి ముఖం ముడుచుకున్నాడు. "ఒక్కరైనా ఎందుకు పెట్టినవ్? తీసేయ్."

"ఇంగ్లీషుల అంతే ఉన్నది సాబ్. కావాలంటే అడుగున్రి." ఆఫీసరమ్మ ఔనని తలూపింది. అతను సంతకం చేస్తుంటే కలం కదలికంతా తృప్తిగా చూశాను.

నెల తిరక్కుండా అంచులు కుట్టే పిల్ల ఒక్కతే ఫిర్యాదు ఇచ్చింది, అదే సూపర్‌వైజరు మీద. కమిటీ విచారించి అతన్ని తీసేసింది. ఫిర్యాదు వద్దని పిల్లను బెదిరించినందుకు మేనేజరు కుర్చీ కూడా పోయింది. జాలి పడమని మా ఆయన అన్నాడు. నాకు రాలేదు.