వాలు పొడవు కొలవని రోజు

ఆ రోజు నేను పొడవు కొలవకుండానే ఒక మనిషిని గేటు బయటికి పంపించాను. కొలబద్ద నా జేబులోనే ఉంది.

బర్మామైన్స్ బస్తీ వెనక చిన్న వర్క్‌షాపులో ముక్కలు కొలిచి పాస్ చేసే ఇన్‌స్పెక్టర్‌ని నేను. గ్రైండింగ్ మిషను మీద పనిచేసే ఆయన భుయ్యాడీహ్ బస్తీ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, నాకన్నా పెద్ద. మామా అని పిలిచేవాణ్ణి. కంట్రాక్టరు కింద పని. అంతకు ముందే ఆయన చేసిన ముక్క ఒకటి కొలత తప్పిందని తిరిగొచ్చింది. ఇంకొకటి తిరిగొస్తే గేటు పాసు లాక్కుంటానని కంట్రాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఆ రోజు నా ముందుకొచ్చింది ఒక ఉక్కు దిమ్మ. పై ముఖం అడుగు భాగానికి ముప్పై డిగ్రీల వాలు. వాలు మీద ప్రతి వంద మిల్లీమీటర్ల పొడవుకీ మిల్లీమీటరులో నాలుగు వందో వంతుల తేడా ఉండొచ్చని డ్రాయింగు. అంటే, కచ్చితంగా ముప్పై డిగ్రీల్లో వాలిన రెండు సమాంతర తలాల మధ్య ఆ ముఖమంతా ఇమడాలి. ఆ రెంటి మధ్య ఎంత ఎడం ఉండొచ్చో పొడవును బట్టి లెక్కగట్టడం నా పని.

కోణాలు సరిచూసే సైన్ బారుని ముప్పై డిగ్రీలకు ఎత్తి దిమ్మని దాని మీద పెడితే, వాలు ముఖం కింది బల్లకు సమాంతరంగా వస్తుంది. దాని మీద తేడా చూపే డయల్‌ని ఈ కొస నుంచి ఆ కొసకు నడిపాను. వందో వంతుకు ఒక గీత. ముల్లు ఒకే తీరున కదులుతూ ఏడు గీతలు దాటింది. డ్రాయింగులో పొడవు కోసం చూస్తే వంద కనిపించింది. ఉండాల్సింది నాలుగు, ఉన్నది ఏడు. రిజెక్ట్ అన్నాను.

"మళ్లీ గ్రైండ్ చెయ్యి మామా."

"సెయ్యను."

"ఏం?"

"ఇంకో పొర తీత్తే ఎత్తు తగ్గిపోద్ది. అప్పుడది తుక్కే. మంచి ముక్కని నా సేతుల్తో నాను పాడుసెయ్యను. మళ్లీ సూడండి."

"ముల్లు అబద్ధం చెప్పదు."

"ముల్లు సెప్పదు బాబూ. మీ పెన్ను సంగతేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. మళ్లీ చూసి ఉంటే సరిపోయేది. ఆ నవ్వుకి ఒళ్లు మండి ఫోర్‌మన్‌ని పిలిచాను. ఫోర్‌మన్ అందరి ముందూ పాసు అడిగాడు. మామ దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టలేదు, బల్ల మీద పడేశాడు. "ఆ ముక్కని ఎవులూ ముట్టకండి. నానే వచ్చి తీసుకుంతాను" అని అరిచి వెళ్లిపోయాడు.

దిమ్మ మీద రిజెక్ట్ గుర్తుగా ఎర్ర రంగు గీత వేద్దామని, మధ్య ఎక్కడో చూడ్డానికి వాలు మీద కొలబద్ద పెట్టాను. రెండు వందలు.

నేను చూసిన వంద, వాలు లేచిన ఎత్తు. ముప్పై డిగ్రీల వాలులో ముఖం ఆ ఎత్తుకి రెట్టింపు పొడవుంటుంది. ఆ అంకె డ్రాయింగులో వెయ్యలేదు, నేను ఆలోచించలేదు. రెండు వందల మీద డయల్ నడిపి, వందకిచ్చిన హద్దుతో పోల్చాను. రెండు వందలకి ఎనిమిది గీతల దాకా ఉండొచ్చు. ఉన్నది ఏడే. అనుమానం తీరక సగం సగం చేసి నడిపాను. ఏ సగం చూసినా మూడున్నర.

ఫోర్‌మన్‌కి చెప్తే, "ఛోడో యార్, వదిలెయ్" అన్నాడు. "ముక్కని పాస్ చేసెయ్. మనిషి సంగతి వచ్చే నెల చూద్దాం. ఇన్‌స్పెక్షన్ తప్పని పైకి తెలిస్తే ఇజ్జత్ ఏం మిగుల్తుంది?"

షిఫ్టు దిగాక భుయ్యాడీహ్ వెళ్లాను. మామ వాకిట్లో సైకిల్ తిరగేసి చైను ఎక్కిస్తున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"ఇంటికొచ్చి నా సెవిలో సెప్తే ఏటి లాబం బాబూ? గేటు దాటించింది ఎవుల ముందర?"

"అందరి ముందర."

"మరయితే అక్కడే సెప్పండి. లేకపోతే నాను రాను. రిచ్చా తొక్కుకుంతాను గానీ, దొంగలా ఎనకనుంచి రాను."

లోపల్నించి ఆయన భార్య, "మంచినీళ్లయినా ఇయ్యండి బాబుకి" అంది.

"రేపు, ఆ పని అయినాక" అన్నాడు మామ.

మర్నాడు ఫోర్‌మన్ బల్ల మీదున్న పాసు నేనే తీసుకున్నాను. "రఖో ఉధర్! అక్కడ పెట్టు!" అని ఆయన కేకేశాడు. "ఇజ్జత్ పోతే నాదే పోనీండి" అని, గేటు దగ్గర నిలబడ్డ మామ చేతికి దాన్నిచ్చి లోపలికి తీసుకొచ్చాను. మిషన్లు ఆపమన్నాను. దిమ్మని సైన్ బారు మీద పెట్టి, నిన్నటి నా లెక్క తప్పని, ముక్క మంచిదని, ఆయన్ని గేటు దాటించిన తప్పు నాదని అందరికీ వినపడేలా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

డయల్ మీద చెయ్యి వెయ్యబోతే మామ అడ్డుపడ్డాడు. "ముందు పొడుగు" అన్నాడు.

జేబులోంచి కొలబద్ద తీసి, ఆయన చూస్తుండగా వాలు మీద పెట్టి, పైకి చదివాను.