మెత్త మెత్తగా లేదట

మా వదిన జమ్మికుంటలో దూది దిండ్లు కుడుతుంది. మా వైపు దిండును మెత్త అంటాం. ఆ ఏడాది మా ఇద్దరికీ తగువు వచ్చిందంటే ఆ మాట వల్లే.

దుకాణంలో అమ్మినంత కాలం ఏ గొడవా లేదు. ఆన్‌లైన్లో పెట్టగానే మొదలైంది. ఫోటో కింద రాయడానికి నాలుగు మాటలు కావాల్సి వచ్చి, తక్కిన వాళ్లు ఏం రాస్తున్నారో చూసి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో మాట ఏరుకొచ్చింది. 'ప్రపంచంలోకెల్లా మెత్తని మెత్త! మేఘాల మీద నిద్ర! మెడనొప్పి మాయం! జీవితాంతం గ్యారంటీ!' చదివితే నాకే ఒకటి కొనాలనిపించింది.

కొన్నవాళ్లు మాత్రం తిప్పి పంపుతున్నారు. రాయిలా ఉందట, మోసమట. స్పాంజి దిండ్లకు అలవాటు పడ్డ తలలు మరి. వాపసులు ఇలాగే వస్తే పేజీ తీసేస్తామని అమ్మకాల కంపెనీ వాళ్లు మెసేజ్ పెట్టారు. ఆ పేజీ మీదే నమ్మకం పెట్టుకుని వదిన ఇంకో కుట్టుమిషన్ కూడా తెచ్చుకుంది. ఏం చేయాలో తోచక నాకు ఫోన్ చేసింది. నేను కరీంనగర్‌లో ప్రింటింగ్ షాపు నడుపుతాను. కరపత్రాల్లో ఊదరగొట్టే మాటలు రోజూ చూసేదాన్ని కాబట్టి, రోగం ఎక్కడుందో వెంటనే తెలిసింది. బస్సెక్కి పోయాను.

దిండు ఒళ్లో పెట్టుకుని ఒక్కో మాటా పరీక్షించాను. కొన్నవాళ్లు చూసో, తడిమో, వాడో సరిచూసుకోలేని మాట ఉండకూడదన్నాను. మేఘాలు పోయాయి. మెడనొప్పి మాయం చేయడానికి మనం డాక్టర్లం కాదని అదీ కొట్టేశాను. జీవితాంతం అంటే ఎవరి జీవితం, మెత్తదా మనిషిదా అని అడిగితే వదినకు నవ్వాగలేదు. చివరికి మిగిలింది కొలత, బరువు, గలీబు రంగు. ఇంత బోసిగా ఉంటే ఎవరు కొంటారని మూతి ముడిచింది.

అంతలో దుకాణంలోకి ఒకామె వచ్చి దిండు నొక్కి చూసింది. వదిన ఆమెతో అలవాటుగా అంది:

"కొత్తల జర గట్టిగుంటది అక్కా. వాడంగ వాడంగ తలకు కుదురుకుంటది. అప్పుడప్పుడు ఎండల పెట్టు, మల్ల పొంగుతది. నీళ్లల్ల మాత్రం నానెయ్యకు, ఉండలు కడ్తది."

ఆమె బేరమైనా ఆడకుండా కొనుక్కుని వెళ్లింది. నేను ఆ మాటలే రాసేశాను. లోపలి దూదిలో గింజపొట్టు నల్లటి చుక్కల్లా కనిపించవచ్చని, చాలా ఏళ్లకు అణిగిపోతే విప్పి దూది మళ్లీ ఏకించుకోవచ్చని కూడా చేర్చాను. మొదటి వాక్యం 'ఇది స్పాంజిలా మెత్తగా ఉండదు, గట్టిగా ఉంటుంది' అని పెట్టాను.

వదిన భగ్గుమంది. "మెత్తను మెత్తగుండదంటవా? దాని పేరే మెత్త గద పిల్లా. ఆడిబిడ్డ అర్ధమొగుడని ఊకెనే అన్లే."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి పేజీ ఎలాగూ పోయేలా ఉంది కదా, నీ ఇష్టమని వదిలేసింది. ఆ వారం ఆర్డర్లు సగానికి పడిపోయాయి. వదిన నాతో ముభావంగా మాట్లాడింది. పైకి ధైర్యంగా ఉన్నా, ఆమె కడుపు కొట్టానేమోనని లోపల భయపడ్డాను. కానీ వాపసులు ఆగిపోయాయి. నెల తిరిగేసరికి ఆర్డర్లు కూడా మెల్లగా పుంజుకున్నాయి.

ఒకరోజు నేను అక్కడే ఉండగా వదినకు ఫోన్ వచ్చింది. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, దిండు గురించి మాట్లాడాలన్నాడు. మళ్లీ వాపసేమోనని వదిన భయపడింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"గట్టిగుంటదని రాసిండ్రు గదమ్మా. గట్టిగ యాడుంది? మంచిగనే మెత్తగున్నది. మా ఇంటామె ఇస్తలేదు, నాకింకోటి పంపుండ్రి."

వదిన ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. మెత్తగుంటదంటే రాయంటున్నరు, గట్టిగుంటదంటే మెత్తగున్నదంటున్నరు, ఈ మనుషులకు దండం పెట్టాలంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ ఊపులో నాకూ ఆశ పుట్టింది. కొన్నవాళ్లు మెత్తగా ఉందంటున్నారని చిన్నగా ఒక వాక్యం చేర్చుదామా అన్నాను.

వదిన సూదిలో దారం ఎక్కిస్తూ తల అడ్డంగా ఊపింది.

"వద్దు పిల్లా. ఆ మాట వాళ్లనే అననియ్యి."