కాగితానికి కుట్టిన వంకాయరంగు దారం

ఎమ్మిగనూరులో మా చేనేత సంఘం ఆఫీసులో ఉత్తరాలు రాసే పని నాది. నేతగాళ్ల ఇంట్లో పుట్టి కుర్చీ మీద కూచున్న ఆడపిల్లను ఆ సంఘంలో నేనొక్కదాన్నే. నాకు కాస్త పొగరు ఉండేది, కోపం ముక్కు మీదే ఉండేది. మా నాయనకు మాత్రం నా ఉద్యోగం గిట్టేది కాదు. "మగ్గం ఇడిసి కాయితాలు పట్టుకున్నాది" అని వచ్చినవాళ్లందరితో అనేవాడు.

ఆ ఏడాది ఆదోని బట్టల షావుకారు ఒకాయన దసరాకు మూడు వందల నూలు చీరలు కావాలన్నాడు. తెల్ల చీర, వంకాయరంగు అంచు. ఆయన బేరాలన్నీ అంతకుముందు నోటిమాట మీదే నడిచేవి. సరుకు చేరాక ఏదో వంక పెట్టి రేటు కోసేవాడు. మా అధ్యక్షుడు ఈసారి పట్టుబట్టాడు.

"ఈ తూరి కాయితం మింద పెడదాం పాపా. ఆయప్ప తప్పిచ్చుకోకుండా రాయి."

రాశాను. మీ ఆర్డరు ఒప్పుకున్నాం. సొమ్ము మూడు వాయిదాల్లో ఇవ్వాలి. మొదటిది ఇప్పుడు, నూలుకూ రంగుకూ. రెండోది సగం చీరలు మగ్గం దిగాయని మేము తెలిపినప్పుడు. చివరిది సరుకు మీ షాపులో దించిన రోజునే. అంచు రంగు ఈ కాగితానికి జత చేసిన దారం ప్రకారం ఉంటుంది. ఆయనకొకటి, మాకొకటి రెండు ప్రతులు తీసి, రెంటి మీదా ఇరుపక్షాల సంతకాలు పెట్టించాం.

దారాన్ని మామూలుగా గుండుసూదితో గుచ్చేవాళ్లు. గుండుసూది తుప్పు పడుతుంది, ఊడిపోతుంది. నేను సూది తీసుకుని కాగితం మీద నాలుగు కుట్లు వేశాను. మా లెక్కల గుమాస్తా చూసి పడీపడీ నవ్వాడు.

"ఇది ఉత్తరమా పాపా, రవికా?"

నాకు ఒళ్లు మండింది. రెండో ప్రతికి ఇంకో కుట్టు ఎక్కువే వేశాను.

మొదటి రెండు వాయిదాలూ కాస్త ఆలస్యంగానైనా డ్రాఫ్టుల్లో వచ్చాయి. అవి నూలుకూ రంగుకూ, అప్పటిదాకా నేసిన చీరల మజూరికీ, అంటే నేత కూలికీ సరిపోయాయి. పండగ మజూరి మాత్రం చివరి వాయిదా నుంచే రావాలి. నలభై ఇళ్లవాళ్లు దాని కోసం కాచుకుని ఉన్నారు. మా నాయన వాళ్లలో ఒకడు.

పండగ ఐదు రోజులుందనగా మూటలు టెంపోలో వేసుకుని ఆదోనికి పోయాం. "రాసినదానివి నువ్వే, నువ్వూ రా" అని అధ్యక్షుడు నన్నూ ఎక్కించాడు.

షావుకారు ఒక చీర విప్పాడు. వాకిలి పక్కన గోడకు, క్యాలెండరు కింద మేకుకు తగిలించిన ఆయన ప్రతిని తీశాడు. దాని మీది దారాన్ని అంచుకు ఆనించి పెదవి విరిచాడు.

"రంగు యాడ కలిసింది? మీది ముదురు. సీరకు మూడు రూపాయలు కోస్తా. ఇష్టముంటే దించండి, లేకుంటే ఎత్తుకపోండి."

దారం నిజంగానే పాలిపోయి ఉంది. మా ప్రతి తీసి చూపించాం. దాని మీది దారం అంచులో కలిసిపోయింది.

"అది మీ బీరువాలోది. దారం మార్చినారేమో నాకేం తెల్సు? నా కాయితమే నాకు సాచ్చికం" అన్నాడు.

ఐదు రోజుల్లో మూడు వందల చీరలు ఇంకెవరు కొంటారు? ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు. అధ్యక్షుడి మొహం వాడిపోయింది. నాకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. అప్పుడే వాకిట్లోంచి ఎండ తిన్నగా ఆ మేకు మీద పడుతుండటం చూశాను. రెండు నెలలుగా కాగితం ఆ ఎండలోనే ఉంది. కానీ దారం కుట్టింది నేను. నా సూది పైనే ఆగలేదు కదా!

"మీ కాయితమే సాచ్చికమంటిరి కదా, ఒగసారి ఇట్లియ్యండి" అన్నాను.

కాగితం తిరగేశాను. వెనకవైపు, గోడ నీడన ఉన్న కుట్లు వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అంచు మీద పెడితే ఏది దారమో ఏది చీరో తెలియలేదు. చీరలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు తొంగి చూశారు.

"అదే రంగు గదప్పా!" అంది ఒకామె.

షావుకారు అంత తేలిగ్గా వదుల్తాడా? "అంటే మీ రంగు ఎలిసిపోతాదన్నమాట!" అన్నాడు.

అధ్యక్షుడికి ప్రాణం లేచొచ్చింది. "రెండు నెల్లు ఎండలో పెడితే ఏ రంగైనా పోతాది షావుకారూ. సీర కట్టుకున్న ఆడది మేకుకు ఏలాడదు గదా!"

ఆ ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్లలో ఒకామె అక్కడికక్కడే ఆ మూటలోంచి ఒక చీర తీసుకుంది. షావుకారు గల్లాపెట్టె తెరిచాడు. చివరి వాయిదా పైసా తగ్గకుండా ఇచ్చాడు. తిరుగుదారంతా నేను టెంపోలో గొంతెత్తి పాడుతూనే ఉన్నాను.

మర్నాడు మజూరి పంచారు. పేర్లు పిలిచే పని నాకు పడింది. గుమాస్తా నా బల్ల దగ్గరికొచ్చి, నన్ను చూడకుండా, "పాపా, ఆ సూది ఇట్లియ్యి. కర్నూలు ఉత్తరానికి దారం కుట్టాల" అన్నాడు. ఇవ్వలేదు. "నేనే కుడతా, రవికలు కుట్టేది నాకే గదా వచ్చేది" అన్నాను.

వరసలో మా నాయన వంతు వచ్చింది. డబ్బు తీసుకుని పంచెలో దోపుకున్నాడు. పోబోతూ ఆగి, వెనకున్న వాళ్లందరికీ వినబడేలా అన్నాడు.

"కుట్టింది మా పాపే."

ఆ మాట కోసం ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ కాచుకుని ఉన్నానని ఆయనకు తెలియదు. నేను తల వంచుకుని తర్వాతి పేరు పిలిచాను.